ఇంటర్వ్యూకి ముందు ఐదుసార్లు బాత్రూమ్‌కి

ప్రమోషన్ ఇంటర్వ్యూకని తొమ్మిదిన్నరకే వెళ్ళి కూర్చున్నాను. పదిన్నరలోపు ఐదుసార్లు బాత్రూమ్‌కి వెళ్ళొచ్చాను. ఐదోసారి లోపల ఉండగానే బయట ప్యూన్ నా పేరు పిలిచాడు. తడి చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ బోర్డు ముందు కూర్చున్నాను. మొదటి ప్రశ్న ఏమడిగారో ఇప్పటికీ గుర్తు లేదు.

షుగర్ వచ్చిందేమోనని భయపడి డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. మూత్రం, రక్తం పరీక్షలు రెండూ మామూలుగానే వచ్చాయి. మంట ఉందా, రక్తం పడుతోందా, రాత్రిళ్ళు లేస్తున్నారా అని అడిగారు. ఏవీ లేవన్నాను. అప్పుడు ఒక కొలగ్లాసు కొనుక్కుని, మూడు రోజులు ఎప్పుడు ఎంత వచ్చిందో రాసుకురమ్మన్నారు. అందులో ఒకటి టెన్షన్ ఉన్న రోజు అయ్యుండాలన్నారు.

ఇంట్లో సిగ్గుపడుతూనే కొలిచాను. పొద్దున లేవగానే 380 మి.లీ. ఆడిట్ వాళ్ళు వచ్చే రోజు, ఆఫీసుకు బయలుదేరే ముందు అరగంటలో మూడుసార్లు: 70, 50, 40. మూత్రాశయం నిండనే లేదు, కానీ తొందర మాత్రం నిండినప్పటిలాగే ఉంది.

డాక్టర్ చెప్పింది ఇదీ. మూత్రాశయం కొద్దికొద్దిగా నిండుతూ కబురు పంపుతూనే ఉంటుంది, మెదడు 'ఇప్పుడు కాదు' అని ఆపుతూ ఉంటుంది. భయపడినప్పుడు ఆ ఆపే పట్టు సడలుతుంది, చిన్న కబురే పెద్దగా వినిపిస్తుంది. తమాషా ఏంటంటే, భయంలో పనిచేసే నరాలు మామూలుగా మూత్రాశయాన్ని వదులు చేయాలట. అయినా తొందర వస్తుంది, ఎందుకంటే మెదడు లెక్క వేరు.

దానికి తోడు నా తప్పులు రెండు. ఇంటర్వ్యూ రోజు దారిలో రెండు కాఫీలు తాగాను. ఒంటికి రాకూడదని నీళ్ళు అసలు తాగలేదు, దాంతో మూత్రం చిక్కబడి ఇంకా చికాకు పెట్టింది. రాకపోయినా 'ఎందుకైనా మంచిది' అని వెళ్ళడం అన్నిటికంటే చెడ్డ అలవాటు, కొంచెం నిండగానే పిలవడం మూత్రాశయానికి మనమే నేర్పుతాం.

నేర్చుకున్న పని చిన్నదే. తొందర రాగానే పరిగెత్తకుండా కూర్చుని, మూత్రం ఆపుకునే కండరాన్ని గబగబా ఐదారుసార్లు బిగించి వదిలేయాలి. తొందర అలలా పైకి లేచి, రెండు నిమిషాల్లో తగ్గుతుంది. అప్పుడు నిదానంగా లేచి వెళ్ళొచ్చు. మొదట ఐదు నిమిషాలు ఆగడమే గగనమైంది. ఆరు వారాలకి ఇరవై నిమిషాలు ఆగగలిగాను.

మరుసటి ఏడాది అదే హాల్లో, మామూలుగా నీళ్ళు తాగి, కాఫీ మానేసి కూర్చున్నాను. అరగంట ముందు ఒకసారి వెళ్ళొచ్చాను. పేరు పిలవడానికి కాస్త ముందు మళ్ళీ తొందర వచ్చింది. కుర్చీలోంచి లేవలేదు. పక్కన కూర్చున్నాయన అప్పటికే నాలుగోసారి లేచి, "ఇప్పుడే వస్తానండీ" అని వెళ్తున్నారు.