తలకోన పేరాలో ఏడు ఖాళీలు

ఆదివారం, రాత్రి పదిన్నర

పొద్దున తొమ్మిదింటికే కరెంటు పోయింది. ట్యూషన్ పిల్లలు ఆరుగురినీ వరండాలోకి మార్చాను. అమ్మ అక్కడే చింతకాయలు ఒలుస్తూ కూర్చుంది. ఆమె లోపలికి పోలేదు, మేమూ పొమ్మనలేదు. ఈరోజు పాఠం సగం ఆమే చెప్పింది, ఆ సంగతి ఆమెకు తెలియదు.

పిల్లలకు ఈ వారం గ్రామర్‌లో మూడు కలిపి వచ్చాయి: ప్రెజెంట్ పర్ఫెక్ట్, సింపుల్ పాస్ట్, యూజ్డ్ టు. పుస్తకంలో ఇచ్చిన పేరాలో ఎవరో లండన్‌లో మ్యూజియాలు తిరుగుతారు. మా పిల్లలకు లండన్ ఎందుకని నిన్న రాత్రి నేనే ఒక ప్రయాణం పేరా రాసి, ఏడు ఖాళీలు పెట్టి, జిరాక్స్ తీయించాను. ఆ పేరా ఇది:

మై ఫ్యామిలీ ___ (లివ్) ఇన్ తిరుపతి ఫర్ ట్వెంటీ ఇయర్స్. వెన్ ఐ వాజ్ ఎ చైల్డ్, మై గ్రాండ్‌ఫాదర్ ___ (టేక్) అస్ టు తలకోన ఎవ్రీ సమ్మర్. వన్స్ అవర్ బస్ ___ (బ్రేక్ డౌన్) నియర్ భాకరాపేట. వీ ___ (వెయిట్) దేర్ ఫర్ త్రీ అవర్స్. ఐ ___ (బీ) టు మెనీ వాటర్‌ఫాల్స్ సిన్స్ దెన్, బట్ లాస్ట్ నవంబర్ ఐ ___ (గో) బ్యాక్ టు తలకోన. మై సిస్టర్ ___ (నెవర్ సీ) ఇట్.

రాసినప్పుడు నాకు చాలా తేలికగా అనిపించింది. పేపర్లు దిద్దేసరికి ఆరుగురిలో ఒక్కరికీ ఏడుకి ఏడు రాలేదు.

మొదటి ఖాళీలో నలుగురు 'ఈజ్ లివింగ్' అని రాశారు. వాళ్ళ తప్పు ఎక్కడ పుట్టిందో నాకు వెంటనే తెలిసింది. 'ఇరవై ఏళ్ళుగా తిరుపతిలో ఉంటున్నాం' అంటాం కదా. తెలుగులో అది వర్తమానమే. అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతున్న దాన్ని మనం ఇప్పటి మాటతోనే చెప్తాం. ఇంగ్లీషు మాత్రం మొదలైన రోజు నుంచి ఇవాళ్టి దాకా ఉన్న మొత్తాన్ని ఒక్కసారిగా పట్టుకుని 'హ్యాజ్ లివ్డ్' అంటుంది. బడిలో బస్సులో ఎక్కడ విన్నా 'ఐయామ్ లివింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్' అనే వినిపిస్తుంది. చెవికి అలవాటైపోయాక తప్పు తప్పులా ఉండదు.

దాన్ని సరిచేశాక నేనే ఇంకో గొయ్యి తవ్వాను. 'ఫర్ ట్వెంటీ ఇయర్స్ ఉంది చూడండి, అందుకే హ్యాజ్ లివ్డ్' అన్నాను. నాలుగో ఖాళీలో 'హ్యావ్ వెయిటెడ్' అని రాసిన అబ్బాయి చెయ్యెత్తాడు. "మేడం, ఇక్కడా ఫర్ త్రీ అవర్స్ ఉంది కదా?" నిజమే. 'ఫర్' కనిపిస్తే ప్రెజెంట్ పర్ఫెక్ట్ అనే సూత్రాన్ని పిల్లలు ఎక్కడో నేర్చుకుంటారు. ఈరోజు వాళ్ళకు నేర్పింది నేనే. 'ఫర్' ఎంతసేపో చెప్తుంది, అంతే. ఆ సేపు అయిపోయిందా, ఇంకా సాగుతోందా అనేది చెప్పదు. తిరుపతిలో కాపురం ఇంకా ఉంది. భాకరాపేటలో నిలబడ్డ మూడు గంటలు మాత్రం ఎప్పుడో అయిపోయాయి. "ఇంకా అక్కడే నిలబడి ఉన్నామారా?" అని అడిగితే నవ్వి 'వెయిటెడ్' అని దిద్దుకున్నాడు.

అప్పుడే అమ్మ అందుకుంది. తలకోన పేరు వినిపిస్తే ఆమె ఆగదు, పుట్టిల్లు ఆ దారిలోనే. "మేము చిన్నప్పుడు ఎండాకాలం వస్తే బండ్లు కట్టుకోని తలకోనకు పోతా ఉంటిమి. సిద్ధేశ్వరస్వామి గుడికాడ వండుకోని తినేది. ఒగసారి పెద్ద వాన పడె. నెరబైల్లో ఎవురింట్లోనో ఆ రాత్రికి పండుకున్నాం. ఇప్పటికి ఎన్నిసార్లు పోయినానో లెక్కే లేదు గానీ ఆ వాన మాత్రం మరిచిపోలేను" అంది.

నేను పెన్ను పక్కన పెట్టేశాను. నా పేరాలో ఉన్నవన్నీ వరసగా ఆమె నోట్లోంచి వచ్చాయి. 'పోతా ఉంటిమి', అది యూజ్డ్ టు గో. 'ఒగసారి వాన పడె' అనగానే అలవాటు ఆగిపోయి ఒక్క సంఘటన మొదలైంది, అక్కడి నుంచి సింపుల్ పాస్ట్. 'ఇప్పటికి ఎన్నిసార్లు పోయినానో' అనేది ప్రెజెంట్ పర్ఫెక్ట్. పిల్లలతో ఆ నాలుగు మాటలూ ఇంగ్లీషులోకి మార్పించాను.

ఒకమ్మాయి 'పోతా ఉంటిమి'ని 'వి వర్ గోయింగ్' అని రాసింది. మాటకు మాట చూస్తే అదే వస్తుంది. పుస్తకం తెలుగులో 'వెళ్ళేవాళ్ళం' అని ఉంటే పిల్లలు కాస్త ఆలోచిస్తారేమో, మన వైపు ఇళ్ళల్లో 'పోతా ఉంటిమి' అనే అంటారు కాబట్టి చెయ్యి నేరుగా 'వర్ గోయింగ్' మీదికి పోతుంది. వర్ గోయింగ్ అంటే ఆ క్షణాన బండి దారిలో ఉందని. ఆ సమయంలో ఇంకేదో జరిగిందని చెప్పబోతున్నట్టు ఉంటుంది. ప్రతి ఎండాకాలం పోవడం అందులో రాదు. ఇన్నేళ్ళుగా ఈ తప్పును గీత కొట్టి పక్కన సరైనది రాసేదాన్ని. అది ఇంట్లో మాట్లాడే మాట నుంచి వస్తోందని ఈరోజే తట్టింది.

ఇక 'పోయినాను'. నాకు అసలు ముఖ్యమైంది ఇదే. 'నిన్న పోయినాను' అన్నా, 'ఇప్పటికి పదిసార్లు పోయినాను' అన్నా తెలుగులో క్రియ మారదు. ఇంగ్లీషులో మొదటిది 'వెంట్', రెండోది 'హ్యావ్ బీన్'. క్రియలో లేని తేడాను పక్క మాటల్లో వెతుక్కోవాలి. కాబట్టి పిల్లలకు ఒక పని చెప్పాను. ఖాళీ ఉన్న వాక్యాన్ని తెలుగులో చెప్పుకోండి. దానికి 'ఇప్పటికి' గానీ 'ఇంతవరకు' గానీ చేర్చి చూడండి, అతికితే ప్రెజెంట్ పర్ఫెక్ట్. 'అప్పుడు', 'ఆ రోజు' అతికితే సింపుల్ పాస్ట్. 'మా చెల్లి ఇంతవరకు చూడలేదు', అతికింది. 'పోయిన నవంబరులో ఇప్పటికి వెళ్ళాను', అతకదు. ఆరో ఖాళీలో 'హ్యావ్ గాన్' రాసిన ముగ్గురూ దీంతో తమ తప్పు తామే పట్టుకున్నారు. ఒక రోజో నెలో చెప్పేశాక ఇంగ్లీషు ప్రెజెంట్ పర్ఫెక్ట్‌ని దగ్గరికి రానివ్వదు.

ఐదో ఖాళీలో ఒకడు 'హ్యావ్ గాన్' అన్నాడు. అలా అంటే మనిషి ఇంకా తిరిగి రాలేదని అర్థం. వెళ్ళి వచ్చిన వాడు 'హ్యావ్ బీన్' అనాలి. "అయితే ఆ జలపాతం కిందే ఉన్నట్టా మేడం?" అని పక్కవాడు అడిగితే వరండా అంతా నవ్వులు.

ఈ 'ఇప్పటికి' చిట్కా అన్నిచోట్లా పనిచేయదు. 'నా బస్ పాస్ పోగొట్టుకున్నాను' అనే వాక్యానికి 'ఇప్పటికి' అతకదు. అయినా ఆ పాస్ ఇంకా దొరక్కపోతే 'హ్యావ్ లాస్ట్' అనాలి. అక్కడ వేరే ప్రశ్న వేసుకోవాలి, దాని ఫలితం ఇప్పుడు కూడా ఉందా అని. అది వచ్చే వారానికి ఉంచాను. ఒకే రోజు రెండు చిట్కాలు చెప్తే రెండూ కలిపేస్తారు.

గొడవంతా రెండో ఖాళీ దగ్గర వచ్చింది. తొమ్మిదో తరగతి అమ్మాయి, ఎక్కువ మాట్లాడదు, అక్కడ 'టుక్' అని రాసింది. నా కీలో 'యూజ్డ్ టు టేక్' ఉంది కాబట్టి ఇంటూ కొట్టాను. పేపర్లు ఇచ్చాక ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది. "మేడం, చిన్నప్పుడు, ప్రతి ఎండాకాలం అని రెండూ ఉన్నాయి కదా. టుక్ అంటే ఏం తప్పు?"

జవాబు చెప్పబోయి ఆగాను. తప్పేమీ లేదు. 'ఎవ్రీ సమ్మర్' ఉంది కాబట్టి అలవాటని ఎలాగూ తెలుస్తోంది, 'టుక్' నిక్షేపంగా సరిపోతుంది. 'యూజ్డ్ టు' పెడితే ఇప్పుడు ఆ అలవాటు లేదన్న రంగు ఇంకాస్త పడుతుంది, అంతే. ఇంకా ఆలోచిస్తే, యూజ్డ్ టు ఉన్న చోట దాదాపు ఎక్కడైనా సింపుల్ పాస్ట్ పెట్టినా వాక్యం నిలబడుతుంది. తిరగేస్తే మాత్రం నిలబడదు. 'మా తాత మమ్మల్ని మూడుసార్లు తీసుకెళ్ళాడు' అన్నప్పుడు 'యూజ్డ్ టు టేక్ అస్ త్రీ టైమ్స్' అంటే తప్పు, ఎందుకంటే మొత్తం లెక్క చెప్పేశాం. 'ఏడాదికి మూడుసార్లు' అయితే ఒప్పు, అది అలవాటు. 'బస్సు ఒకసారి ఆగిపోయింది' అనే చోట యూజ్డ్ టు రాదు, 'మూడు గంటలు నిలబడ్డాం' అనే చోటా రాదు. అంటే నేను 'యూజ్డ్ టు మాత్రమే రాయాలి' అన్నట్టు ఖాళీ పెట్టడమే పొరపాటు. అది ఎక్కడ కుదరదో అడిగి ఉండాల్సింది.

పిల్లల ముందే ఆ మాట చెప్పి ఆమె మార్కు సరిచేశాను. నా చిన్నప్పుడు మాకు చెప్పిన ఒక మాస్టారు కీ తప్పని ఒప్పుకునేవారు కాదు. పేరు ఎందుకులే.

మధ్యాహ్నం కరెంటు వచ్చింది. అన్నం తిని కాసేపు పడుకుని, సాయంత్రం వచ్చే వారం పేరా మొదలుపెట్టాను. ఈసారి జిల్లా గురించి. ఒక్క విషయంలోనే మూడూ వస్తాయని గుర్తొచ్చింది. తిరుపతి 2022 ఏప్రిల్ 4న జిల్లా అయింది: తేదీ ఉంది, 'బికేమ్'. అంతకుముందు చిత్తూరు జిల్లాలో ఉండేది: 'యూజ్డ్ టు బీ', 'వాజ్' రాసినా మార్కు ఇవ్వాలి. అప్పటి నుంచి వేరే జిల్లాగా ఉంది: 'హ్యాజ్ బీన్'. మూడో వాక్యం తెలుగులో మళ్ళీ 'ఉంది' అనే ఉంది చూడు, మొదటి ఖాళీలో పిల్లలు పడ్డ గొయ్యే. పైన ఒక సూచన కూడా రాశాను: యూజ్డ్ టు కుదిరిన చోట అదే వాడండి, కుదరని చోట ఎందుకు కుదరదో పక్కన తెలుగులో ఒక మాట రాయండి.

రాసింది చదివి వినిపిస్తే అమ్మ మొత్తం విని, "చిత్తూరు జిల్లా అనే నా నోటికొస్తాది మే, ఏం చేసేది" అంది. చింతకాయలు ఇంకా అర చేట మిగిలాయి.