పైపు మధ్యలో కరగని ముద్ద

ఈరోజు మా ప్లాంటులో నీళ్లలో కలిపిన బంకమట్టి స్లర్రీ లైనును మళ్లీ నడిపించాం. పంపు తిరుగుతోంది, గేజీలో పీడనం పెరుగుతోంది, అవతలి చివర మాత్రం చుక్క రాలేదు. కొత్తగా చేరిన కుర్రాడు పైపు పూడుకుపోయిందని కంగారుపడ్డాడు. నేను మధ్య గేజీ చూడమన్నాను. అది మొదటి గేజీలో సగం చూపిస్తోంది. పూడిక ఉంటే పీడనం ఒక్కచోటే పడిపోయేది. ఇక్కడ పొడవునా సమానంగా తగ్గుతోంది.

ఈ స్లర్రీ బింగ్‌హామ్ ప్లాస్టిక్ అనే రకం పదార్థం. పొరలను ఒకదానిపై ఒకటి జార్చే కోత ప్రతిబలం ఈల్డ్ స్ట్రెస్ అనే హద్దు దాటేదాకా ఘనపదార్థంలాగే మొండికేస్తుంది. మా పైపు పొడవు 100 మీటర్లు, లోపలి వ్యాసార్ధం 50 మిల్లీమీటర్లు, ఈల్డ్ స్ట్రెస్ 10 పాస్కల్‌లు. అంటే రెండు చివరల మధ్య పీడన తేడా 0.4 బార్ దాటేదాకా కదలిక ఉండదు. రాత్రంతా కదలకుండా ఉన్న మట్టి మరింత బిగుసుకుంటుంది కాబట్టి ఈరోజు అంతకన్నా ఎక్కువే అడిగింది.

0.8 బార్ దగ్గర గోడపై ప్రతిబలం 20 పాస్కల్‌లు, పైపు కేంద్రంలో సున్నా. ఈ రెండింటి మధ్య అది సరళరేఖలో మారుతుంది. కాబట్టి కేంద్రం నుంచి 25 మిల్లీమీటర్ల వరకు హద్దు దాటదు. ఆ భాగమంతా ఒకే వేగంతో, లోపల ఏ పొరా జారకుండా, ముద్దగా సాగిపోతుంది. జారుడంతా దాని చుట్టూ ఉన్న వలయంలోనే.

నాకు బాగా నచ్చే సంగతి వేరే ఉంది. పీడనాన్ని 1.6 బార్‌కు పెంచితే ముద్ద వ్యాసార్ధం 12.5 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. ప్రవాహం మాత్రం రెట్టింపుతో ఆగదు. సుడులు లేకుండా పొరలుపొరలుగా, అంటే లామినార్‌గా ఉన్నంతవరకు దాదాపు 3.8 రెట్లవుతుంది!