మూలనున్న లోగో పోయింది, ముగ్గూ పోయింది

మా తాతయ్య సహస్ర చంద్ర దర్శనం వీడియో ఇంట్లో ఒక్కటే మిగిలింది, దానికీ ఒక మచ్చ ఉంది. మా బాబాయి కొడుకు ఫోన్‌లో తీశాడు. ముందూ వెనకా ఉన్న అనవసరమైన ముక్కలు తీసేయడానికి ఏదో ఉచిత యాప్ వాడాడు. ఆ యాప్ కుడివైపు కింద మూలలో తన పేరు తెల్లగా ముద్ర కొట్టేసింది. ఫోన్‌లో చోటు లేదని వాడు అసలు ఫైల్ చెరిపేశాక ఈ సంగతి బయటపడింది. 23 నిమిషాల వీడియో, 2 జీబీ ఫైలు, మొత్తం నిడివీ ఆ పేరే.

ఎంత కోయాలో తెలియకుండా కత్తెర పట్టుకోకూడదు. అందుకని ఒక ఫ్రేమ్‌ని పీఎన్‌జీ బొమ్మగా తీసి, బొమ్మలు దిద్దే జింప్ అనే ప్రోగ్రామ్‌లో తెరిచాను. అందులో మౌస్ పెట్టిన చోటల్లా పిక్సెల్ లెక్క కింద కనిపిస్తుంది. ఫ్రేమ్ 1920 వెడల్పు, 1080 ఎత్తు. లోగో అడ్డంగా 1612 దగ్గర మొదలై 1890 దాకా, నిలువుగా 1018 నుంచి 1062 దాకా ఉంది. అంటే పొడవాటి, పొట్టి పట్టీ.

నేను చేసిన మొదటి తప్పు ఇక్కడే. లోగో కుడివైపు ఉంది కదా అని కుడి నుంచి కోశాను. 1612 కంటే ముందే ఆగాలి కాబట్టి వెడల్పు 1600 అయింది, దానికి తగ్గట్టు ఎత్తు 900. వచ్చిన బొమ్మలో అసలు పిక్సెళ్లలో 69 శాతమే మిగిలాయి. దాన్ని మళ్లీ 1920కి సాగదీస్తే తాతయ్య దగ్గరికి వచ్చాడు గానీ, పక్కన కూర్చున్న అమ్మమ్మ సగమే కనిపించింది.

మూలలో ఉన్న లోగో పోవాలంటే రెండు వైపులా దాన్ని తప్పించనక్కర్లేదు, ఒక వైపు తప్పిస్తే చాలు. కింది నుంచి ఒక పట్టీ తీసేస్తే, వెడల్పు ఎంత ఉన్నా లోగో ఇక ఫ్రేమ్‌లో ఉండదు. పొట్టిగా ఉన్న వైపు కోయడమే లాభం. అలాగని సరిగ్గా 1018 దగ్గర కోస్తే కుదరదు. వీడియోను కుదించేటప్పుడు అక్షరాల అంచు చుట్టూ చిన్న మరకలు, దోమల గుంపులాగా, పడతాయి. లోగో పోయినా అవి కింది అంచున మెరుస్తూ కనిపిస్తాయి. పది పిక్సెళ్లు వదిలి 1008 దగ్గర కోశాను.

ఇక్కడ తొందరపడి ఇంకో తప్పు చేశాను. 1920 వెడల్పు అలాగే ఉంచి, 1008 ఎత్తును 1080కి సాగదీశాను. ఏడు శాతమే కదా, ఎవరికి తెలుస్తుందనుకున్నాను. హారతి పళ్లెం కోడిగుడ్డులా కనిపించింది. ముఖాలు పొడుగయ్యాయని చెప్పలేం గానీ, గుండ్రటి వస్తువు ఒక్కటి ఉంటే చాలు, కన్ను పట్టేస్తుంది.

ఎత్తు తగ్గిన నిష్పత్తిలోనే వెడల్పూ తగ్గాలి. 1008 ఎత్తుకి 1792 వెడల్పు సరిగ్గా సరిపోతుంది. అంటే అడ్డంగా 128 పిక్సెళ్లు పోవాలి. లోగో కింది కోతతోనే పోయింది కాబట్టి ఈ 128ని ఎటునుంచి తీయాలన్నది మన ఇష్టం. ఎడమ అంచున మా పెద్దత్త నిలబడి ఉంది, కుడి అంచున ఖాళీ కుర్చీలు. మొత్తం కుడివైపే తీసేశాను. అసలు పిక్సెళ్లలో 87 శాతం మిగిలాయి. వీడియోలు మార్చే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ప్రోగ్రామ్‌కి నేను ఇచ్చిన ఆదేశం ఇదీ:

```
ffmpeg -i tatayya.mp4 -vf "crop=1792:1008:0:0,scale=1920:1080:flags=lanczos" -c:v libx264 -crf 18 -preset slow -c:a copy tatayya2.mp4
```

`crop`లో చివరి రెండు సున్నాలు కోత మొదలయ్యే చోటు, అంటే ఎడమవైపు పై మూల. `-c:a copy` వల్ల మంత్రాల శబ్దం ఎక్కడిదక్కడే ఉంటుంది, దాన్ని మళ్లీ కుదించరు. ల్యాప్‌టాప్ దీన్ని రాత్రంతా నమిలింది.

పొద్దున చూస్తే బాగానే ఉంది. కానీ ఎంత పోయిందో తెలియకపోతే నాకు మనశ్శాంతి ఉండదు. అందుకే పోలిక పెట్టాను. హారతి ఇస్తున్న ఒకే క్షణాన్ని మూడు ఫైళ్లలోంచి తీశాను: లోగో ఉన్న అసలుది, కోసి సాగదీయకుండా వదిలినది, కోసి సాగదీసినది. ఇవి కాక, మొదట్లో ఫోన్‌లోని ఇంకో యాప్‌తో చేసిన ప్రయత్నం ఒకటి మిగిలి ఉంటే దాన్నీ పక్కన పెట్టాను.

కోసి వదిలినదానికీ అసలుకీ తేడా నా కంటికి ఆనలేదు. మళ్లీ కుదించడం వల్ల ఎంతో కొంత పోయే ఉంటుంది గానీ, `-crf 18` అనే నాణ్యత మెట్టు దగ్గర అది వెతికినా దొరకలేదు. సాగదీసినదానిలో మాత్రం అమ్మమ్మ పట్టుచీర అంచు దగ్గర తేడా కనిపించింది. జరీ గీతలు ఒకచోట పదునుగా, కాస్త పక్కన మెత్తగా, మళ్లీ పదునుగా ఉన్నాయి. కారణం లెక్కలోనే ఉంది. 1792ని 1920 చేయడమంటే ప్రతి 14 పిక్సెళ్లను 15గా పంచడం. కొత్త పిక్సెల్ పాతదాని మీద సరిగ్గా కూర్చున్న చోట గీత గీతలాగే ఉంటుంది. రెండింటి మధ్య పడిన చోట రెంటి రంగూ కలిసి మసకవుతుంది. ప్రతి 15 పిక్సెళ్లకీ ఈ వరస తిరిగి వస్తుంది. ముఖాల మీద, గోడ మీద ఇది తెలియదు. సన్న గీతలూ చిన్న అక్షరాలూ ఉన్న చోటే తెలుస్తుంది.

అసలు ఘోరం ఆ ఫోన్ యాప్ ఫైల్‌లో ఉంది. దాన్లో తాతయ్య చెంప మైనం పూసినట్టుంది, కదిలే పొగ గళ్లుగళ్లుగా విరిగింది. కోత వల్లనో సాగదీయడం వల్లనో అనుకున్నాను గానీ కాదు. 2 జీబీ ఫైలు 500 ఎంబీ అయిందని చూడగానే అర్థమైంది: సెకనుకి సుమారు 12 మెగాబిట్లు ఉన్నదాన్ని ఆ యాప్ అడక్కుండానే మూడుకి దించేసింది. ఏడు శాతం సాగదీతకి నేను పడ్డ టెన్షన్ దీనికి పడాల్సింది.

లోగో మీద మసక వేసే `delogo` అనే ఫిల్టర్ కూడా చూశాను. అది లోగో ఉన్న చోటుని చుట్టూ ఉన్న రంగులతో నింపుతుంది. నున్నటి గోడ మీద పనికొస్తుందేమో. మా వీడియోలో కింద పూల డిజైన్ తివాచీ ఉంది, పైగా కెమెరా కదులుతోంది. లోగో బదులు ఒక మసక పట్టీ తివాచీ మీద ఈదుతూ కనిపించింది. వదిలేశాను.

చివరికి రెండు కాపీలు చేశాను. టీవీలో చూడ్డానికి నిండుగా సాగదీసినది ఒకటి. హార్డ్‌డిస్క్‌లో దాచడానికి కింది పట్టీ మాత్రమే తీసి, ఏమాత్రం సాగదీయని 1920, 1008 కొలత ఫైల్ ఇంకొకటి. దీన్ని టీవీలో పెడితే పైనా కిందా 36 పిక్సెళ్ల చొప్పున సన్నటి నల్ల పట్టీలు వస్తాయి. వెడల్పు మొత్తం ఉంటుంది, జరీ గీతలు చెదరవు. మా తమ్ముడికి ఆ నల్ల పట్టీలు నచ్చవు. నాకు అదే నచ్చింది.

ఆదివారం నిండుగా ఉన్న కాపీని టీవీలో పెట్టాను. అమ్మ మెత్తదనం గురించీ జరీ గురించీ ఏమీ అనలేదు. కాసేపు చూసి, "పీటల ముందు నేను వేసిన ముగ్గు ఏదిరా?" అంది.

ముగ్గు సరిగ్గా ఆ 72 పిక్సెళ్లలో ఉంది. లోగో ఉన్న అసలు ఫైల్‌ని వెతికి, ఆ చోట ఆపి చూపించాను. కుడి కొసన రెండు మెలికల మీద యాప్ పేరు కూర్చుని ఉంది, మిగతాదంతా బాగానే కనిపించింది. "ఇదే ఉంచు" అంది అమ్మ.