34 మంది మాటలు, రెండు పేజీల సారాంశం

పేర్లు తీసేస్తే సరిపోతుందనుకుని మొదలుపెట్టాను. ఆ పనికే తొమ్మిది రోజులు పట్టింది.

నల్గొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి వైపు ఊళ్లలో ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్లపాటు తాగి నడుములు, మోకాళ్లు వంగిపోయినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మిషన్ భగీరథ నల్లా నీళ్లు వచ్చినా వంగిన ఎముక మళ్లీ సాఫు కాదు. అలాంటి ఒక ఊళ్లో దివ్యాంగుల పింఛన్ రాని 34 మంది చెప్పింది మా మిత్రబృందం రాసుకుంది. ఫైలు 50 పేజీలు దాటింది. ఆధార్ జిరాక్సులు, బ్యాంకు పాస్‌బుక్కులు, వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్లు, ఫోన్ నంబర్లు అన్నీ అందులోనే ఉన్నాయి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇవ్వడానికి రెండు పేజీల సారాంశం రాసే పని నా మీద పడింది. అదే కాగితం లోకల్ రిపోర్టర్లకూ ఇస్తామని మావాళ్లు ముందే చెప్పేశారు.

మొదటి డ్రాఫ్టులో పేర్లన్నీ పొడి అక్షరాలుగా మార్చాను. ఇంటి పేరు మొదటి అక్షరం, పేరు మొదటి అక్షరం, అంతే. చూడటానికి పద్ధతిగానే ఉంది. కానీ మన ఊళ్లలో ఇంటి పేరు తెలిస్తే కులమూ వాడా తెలిసిపోతాయి. మూడు వందల ఇళ్లున్న ఊళ్లో రెండు అక్షరాలు చాలు. అందుకే అవి కూడా తీసేసి, ఒక్కొక్కరి పరిస్థితి ఒక్కో వాక్యంలో రాశాను. అందులో ఒకటి ఇది:

"ఊరి బడి ఎదురుగా కుట్టు మిషన్ పెట్టుకుని బతుకుతున్న 29 ఏళ్ల మహిళ. భర్త వదిలేశాడు. సదరంలో 38 శాతమే రావడంతో పింఛన్ రాలేదు."

పేరు లేదు, ఆధార్ లేదు, ఇంటి నంబరు లేదు. ఆ ఊరి ఆశా వర్కర్ అక్కకు ప్రింటు చూపించాను. ఆమె సగం లైనులోనే వేలు పెట్టి ఆగింది. "బడికాడ మిషన్ కుట్టే ఆమెనే గదా అన్నా?" అని పేరు చెప్పేసింది. అలా నాలుగు వాక్యాల్లో మనుషులను గుర్తుపట్టింది. చెమట పట్టింది నాకు. ఆ కాగితం మర్నాడు పేపర్లో వస్తే, భర్త వదిలేశాడన్న మాట కూడా అందులో వచ్చేది.

పేరు పోయినా మనిషి ఎలా మిగిలిందో ఆ వాక్యంలోనే ఉంది. కుట్టు మిషన్, బడి, వయసు వేరువేరుగా ఉంటే ఏమీ కాదు. మూడూ కలిస్తే ఊళ్లో ఒక్కరే ఉంటారు. అప్పటి నుంచి ఒక్కో వివరం దగ్గర రెండు ప్రశ్నలు వేసుకున్నాను. ఇది లేకపోతే ఆఫీసరు తీసుకునే నిర్ణయం మారుతుందా? ఇది ఉంటే ఊరివాళ్లు ఎవరో చెప్పగలరా?

38 శాతం తప్పకుండా ఉండాలి. పింఛన్‌కు 40 శాతం కావాలి, ఈమె దరఖాస్తు రెండు శాతం తక్కువై ఆగింది, మళ్లీ పరీక్ష చేయించాలని అడగడానికి మా దగ్గర ఉన్న ఆధారమే అది. 29 అక్కర్లేదు. కానీ వయసు పూర్తిగా తీసేయలేను, ముసలితనం వల్ల నడుము వంగిందని ఎవరూ అనుకోకూడదు. "ముప్పై లోపు" అని రాశాను. కుట్టు మిషన్, బడి తీసేశాను.

భర్త సంగతి దగ్గర ఆగిపోయాను. తీసేద్దామనే అనుకున్నాను. కానీ ఒంటరి మహిళలకు వేరే పింఛన్ ఉంది కదా, ఆఫీసరుకు ఈ మాట తెలిస్తే ఆమెకు ఇంకో దారి దొరకొచ్చు. ఇది నేను నిర్ణయించే విషయం కాదు. వెళ్లి ఆమెనే అడిగాను. "ఆఫీసరుకు చెప్పు అన్నా. పేపర్లకు వద్దు" అంది. అర నిమిషం కూడా పట్టలేదు. నేనేమో రెండు రోజులు బుర్ర పాడుచేసుకున్నాను.

ఆ మాటతోనే ఒక కాగితం రెండు అయింది. అందరికీ ఇచ్చే సారాంశంలో పేర్లు ఉండవు, వరుస నంబర్లు మాత్రమే. కలెక్టరేట్‌కు విడిగా కవరులో ఒక అనుబంధం. అందులో అదే వరుస నంబరు ఎదురుగా పేరు, దరఖాస్తు నంబరు, అవసరమైతే ఒక్క ముక్క వివరం. అనుబంధంలో కూడా ఆధార్ నంబరు రాయలేదు, దరఖాస్తు నంబరు కొడితే వాళ్లకు అంతా వస్తుంది. అసలు పేర్లే లేకుండా ఇస్తే "ఎవరి కేసు చూడాలయ్యా?" అని పక్కన పెడతారు. అందుకే అనుబంధం తప్పలేదు.

కొన్ని దగ్గర ఆలోచించాల్సిన పనే లేకపోయింది. ఒకరు తన టీబీ మందుల గురించి చెప్పారు, పింఛన్‌తో సంబంధం లేదు, రెండు కాగితాల్లోనూ తీసేశాను. ఆఫీసర్ల పేర్లు రాయలేదు, హోదా, తేదీ రాశాను. ఆ కుర్చీలో ఎవరున్నా జవాబు చెప్పాల్సిందే కదా. ముగ్గురు మాత్రం పింఛన్ ఇప్పిస్తానని డబ్బులు అడిగిన ఒకతని పేరు చెప్పారు. రాయాలని చెయ్యి దురద పెట్టింది, నిజమే. కానీ అతని మాట మేము వినలేదు, రసీదు లేదు. సారాంశంలో "ఒక మధ్యవర్తి డబ్బులు అడిగినట్లు ముగ్గురు చెప్పారు" అని ఆపి, పేరు ఆ ముగ్గురూ సంతకాలతో ఇచ్చిన వేరే ఫిర్యాదులోకి పంపాను.

ఒక్క పేరు మాత్రం ఉంచాను. ఒక పెద్దాయన తన మాటల్లో అంశల స్వామిని తలుచుకున్నారు. శివన్నగూడెం స్వామి తన శరీరాన్నే సాక్ష్యంగా చూపించి ఫ్లోరైడ్ మీద పోరాడిన మనిషి, 2023 జనవరిలో పోయారు. ఆయన పేరు దాస్తే ఆయన చేసిన పనిని దాచినట్లవుతుంది.

రెండో డ్రాఫ్టు మళ్లీ ఆశా అక్కకే ఇచ్చాను. ఈసారి వాక్యం ఇలా ఉంది: "ముప్పై లోపు వయసున్న మహిళ, సదరంలో 38 శాతం. మళ్లీ పరీక్షకు పిలవాలని కోరుతున్నారు." అక్క రెండుసార్లు చదివింది. "ముగ్గురు నలుగురు యాదికొస్తున్నరు. ఎవరో చెప్పలేను" అంది. నాకు కావలసింది అదే. ఇంకో వాక్యం మాత్రం ఆమెకు దొరికిపోయింది. ఒకే ఇంట్లో తల్లీ కొడుకూ ఇద్దరికీ వైకల్యం ఉన్న కేసు, ఊళ్లో అలాంటి ఇల్లు ఒక్కటే. వాళ్లిద్దరినీ విడదీసి రెండు వేరు వరుసల్లో వేశాను.

చివర్లో ఇంకో తప్పు జరగబోయింది. రిపోర్టర్లు ఆధారాలు కూడా కావాలంటే, నలుగురి వాంగ్మూలాలు వర్డ్‌లో పేర్ల మీద నల్లరంగు వేసి పీడీఎఫ్ చేశాను. మా మేనల్లుడు ఆ నల్లగీతను సెలెక్ట్ చేసి, కాపీ కొట్టి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేశాడు. పేరు, ఫోన్ నంబరు శుభ్రంగా వచ్చేశాయి. "మామా, ఇది ముసుగు కాదు, పరదా" అన్నాడు. అక్షరాలు పూర్తిగా తుడిచేసి ఆ చోట "పేరు తొలగించాం" అని రాసి, కొత్తగా పీడీఎఫ్ చేశాను. ఫైలు పేరులో కూడా ఒకామె పేరు ఉంది, అదీ మార్చాను. చేతిరాత కాగితాల మీద మార్కర్ గీస్తే వెలుతురుకు పట్టినప్పుడు అక్షరాలు కనిపిస్తున్నాయి, అందుకే గీసిన కాగితాన్ని మళ్లీ జిరాక్స్ తీసి ఆ జిరాక్సే ఇచ్చాను.

సోమవారం కౌంటర్ దగ్గర క్లర్కు సారాంశం తిప్పి చూసి "పేర్లేవి?" అన్నాడు. కవరు ఇచ్చాను. రసీదు తీసుకుని బయటికి వచ్చి చెట్టు కింద కూర్చుని ఫోన్ తెరిచాను. వాట్సాప్‌లో వచ్చిన 34 ఆధార్ ఫొటోలు నా గ్యాలరీలో, మా పిల్లల బర్త్‌డే ఫొటోల మధ్య ఉన్నాయి. అక్కడే కూర్చుని ఒక్కొక్కటీ తీసేశాను. తర్వాత బిన్ ఫోల్డర్ కూడా ఖాళీ చేశాను.