ప్రోటీన్ బార్ లాగ్: మాల్టిటాల్‌ని ఎంత లెక్కెయ్యాలి?

జిమ్ తర్వాత తినే బార్లని లాగ్‌లో రాసేటప్పుడు ఈ నెల నుంచి పాలియాల్స్‌కి వేరే కాలమ్ పెట్టాను. పంచదార బదులు తీపికి వేసే మాల్టిటాల్, ఎరిథ్రిటాల్ లాంటి షుగర్ ఆల్కహాల్స్‌ని లేబుల్ మీద ఎక్కువగా పాలియాల్స్ అనే రాస్తారు. కార్బ్స్‌లోంచి వాటిని మొత్తం తీసేసి 'నెట్ కార్బ్స్ 6 గ్రాములే' అని రాసుకోవడం చాలామందికి అలవాటు. ఆ లెక్క అన్ని బార్లకీ సరిపోదు. ఏ పాలియాల్ వాడారన్నదాన్ని బట్టి అంకె రెట్టింపు అయిపోవచ్చు.

ఈ వారం చూసిన బార్ 60 గ్రాములది. 'నో యాడెడ్ షుగర్' అని ముందు పెద్దక్షరాల్లో ఉంది. వెనక పట్టిక 100 గ్రాములకి ఇచ్చారు కాబట్టి ముందుగా అన్నింటినీ 0.6తో గుణించాను. ఉదాహరణకి పాలియాల్స్ 20 అని ఉంది, అంటే బార్‌లో 12 గ్రాములు. అలా చేస్తే ప్రోటీన్ 20, ఫ్యాట్ 8, మొత్తం కార్బోహైడ్రేట్ 23, ఫైబర్ 5, షుగర్స్ 2, ఎనర్జీ 215 కిలోకేలరీలు వచ్చాయి.

తర్వాత పదార్థాల జాబితా. 'స్వీటెనర్ (965, 955)' అని ఉంది. 965 అంటే మాల్టిటాల్, 955 అంటే సుక్రలోజ్. మన లేబుళ్ల మీద పేరు బదులు ఇలా ఐఎన్ఎస్ నంబరే ఉండటం మామూలు. గుర్తుంచుకోవాల్సినవి కొన్నే: 968 ఎరిథ్రిటాల్, 967 జైలిటాల్, 420 సార్బిటాల్, 960 స్టీవియా. సుక్రలోజ్, స్టీవియా చాలా తీపి, అందుకే మిల్లీగ్రాముల్లోనే వేస్తారు. కార్బ్స్ లెక్కలో వాటికి సున్నా.

ఎరిథ్రిటాల్ చిన్న పేగులోనే రక్తంలోకి వెళ్లి, దాదాపు అంతా మూత్రంలో బయటకు పోతుంది. దాన్ని మొత్తం తీసేయొచ్చు. మాల్టిటాల్ అలా కాదు. అందులో కొంత భాగం విడిపోయి గ్లూకోజ్‌గా రక్తంలో చేరుతుంది. దాని గ్లైసెమిక్ ఇండెక్స్ 35 దాకా ఉంటుంది, పంచదారది 65 దాకా. అందుకే డయాబెటిస్ పేషెంట్లకి కార్బ్స్ లెక్క నేర్పేవాళ్లు ఇలాంటి పాలియాల్స్‌లో సగమే తీసేయమంటారు. నేనూ అదే పాటిస్తున్నాను: 23లోంచి ఫైబర్ 5, మాల్టిటాల్‌లో సగం 6 తీస్తే 12 గ్రాములు. ఇదే బార్‌లో 968 ఉండుంటే 6 వచ్చేది.

ఇక్కడ ఒక చిక్కుంది. ఆ 23లో ఫైబర్ కలిసే ఉందా, విడిగా ఉందా? లేబుల్ అది చెప్పదు, ఎనర్జీ అంకెతో సరిచూసుకోవాలి. ప్రోటీన్‌కి 80, ఫ్యాట్‌కి 72, కలిపి 152. ఫైబర్ గ్రాముకి 2 చొప్పున 10, పాలియాల్స్ గ్రాముకి 2.4 చొప్పున దాదాపు 29. ఫైబర్ లోపలే ఉందనుకుంటే మిగిలిన కార్బ్స్ 6 గ్రాములు, అంటే 24. మొత్తం 215, లేబుల్‌తో కలిసింది. ఫైబర్ విడిగా ఉండుంటే 235 రావాలి. అప్పుడు 23లోంచి ఫైబర్‌ని మళ్లీ తీయకూడదు. కంపెనీలు అంకెల్ని రౌండ్ చేస్తాయి కాబట్టి నాలుగైదు కేలరీల తేడాని పట్టించుకోను.

రెండు మూడు పాలియాల్స్ కలిపి, ఏది ఎంతో చెప్పకపోతే అన్నింటికీ సగం లెక్కే వేస్తాను. జాబితాలో బరువు ఎక్కువున్నది ముందు వస్తుంది, కాబట్టి 965 ముందుంటే అనుమానం అక్కర్లేదు. గ్లిజరాల్ (422) మాత్రం కొందరు పాలియాల్స్‌లో కలుపుతారు, కొందరు కలపరు. బార్ మెత్తగా ఉండటానికి వేసే ఈ ద్రవంలో గ్రాముకి నాలుగు పైనే కేలరీలు ఉంటాయి. అది కనబడితే ఏమీ తీసేయను. 'ఐసోమాల్టో ఆలిగోశాకరైడ్' అని ఫైబర్ చూపించిన బార్‌కి కూడా అంతే. అది చాలావరకు జీర్ణమవుతుంది, అమెరికా ఎఫ్‌డీఏ దాన్ని ఫైబర్‌గా ఒప్పుకోలేదు.

గ్లూకోమీటర్‌తోనూ చూశాను. పరగడుపున మాల్టిటాల్ బార్ తిన్న గంటకి 92 నుంచి 124కి వెళ్లింది. ఇంకో రోజు అంతే ప్రోటీన్ ఉన్న ఎరిథ్రిటాల్ బార్‌కి 90 నుంచి 101. ఫ్యాట్, ప్రోటీన్ వల్ల పెరుగుదల ఆలస్యమవుతుంది, అందుకని రెండు గంటలకి మళ్లీ చూడటం మేలు. ఇది నా ఒక్క ఒంటి సంగతే. ఇన్సులిన్ డోసు లెక్కేసుకునేవాళ్లు ఈ సగం లెక్కని డాక్టర్‌తో మాట్లాడాకే వాడాలి.

'పాలియాల్స్ విరేచనకారి కావచ్చు' అన్న హెచ్చరిక కూడా చూడండి. మాల్టిటాల్ బార్లు రోజుకి రెండు తింటే నాకు కడుపు ఉబ్బరం వస్తుంది, అందుకే ఒకటితో ఆపుతున్నాను. వచ్చే వారం జైలిటాల్ ఉన్న బార్‌ని ఇదే పద్ధతిలో చూస్తాను.