అద్దం మీద ముక్కు మచ్చలు

గుంటూరు బ్రాడీపేటలో మా బొమ్మల కొట్టు తెరిచి మూడేళ్లయింది. పదడుగుల ముఖం. నాలుగడుగులు తలుపుకి పోతే మిగిలిన ఆరడుగులూ షోకేసు అద్దమే. తెరిచిన కొత్తలో అందులో ఏం పెట్టాలని నేను ఆలోచించనే లేదు. ఇంట్లో అమ్మ దసరాకి బొమ్మల కొలువు ఎలా పెడుతుందో అలాగే పెట్టాను. ఐదు మెట్లు కట్టించి, నీలం పట్టుగుడ్డ పరిచి, కొట్లో ఉన్న ప్రతి రకంలోనూ ఒక్కోటి, మొత్తం నూట పది బొమ్మలు పేర్చాను. చూడ్డానికి నిండుగా ఉండేది. జనం మాత్రం నడుచుకుంటూ వెళ్లిపోయేవాళ్లు.

ఏడాది గడిచాక అద్దె కట్టడానికే కష్టమయ్యేసరికి, ఒక రెండో శనివారం సాయంత్రం మా మేనల్లుణ్ణి ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబెట్టి లెక్క రాయించాను. ఐదున్నర నుంచి ఏడున్నర దాకా నాలుగు గళ్లు: ఎంతమంది దాటారు, ఎంతమంది తల తిప్పి చూశారు, ఎంతమంది లోపలికొచ్చారు, ఎంతమంది కొన్నారు. 412 మంది దాటారు. 31 మంది చూశారు. 9 మంది లోపలికొచ్చారు, 5 మంది కొన్నారు. వచ్చినవాళ్లలో సగం పైగా కొంటున్నారంటే సరుకులో లోపం లేదు. అసలు షోకేసు వైపు చూసేవాళ్లే లేరు.

ఆ రాత్రి అమ్మతో చెబితే ఒకటే మాటంది. "కొలువు చూడ్డానికి పేరంటాళ్లు పిలిస్తే వస్తార్రా. వచ్చి కూర్చుని తీరిగ్గా చూస్తారు. రోడ్డు మీద పోయేవాణ్ణి నువ్వు పిలిచావా?"

మరుసటి రోజు నేనే టీ కొట్టు దగ్గర నిలబడి చూశాను. మాది పడమటి ముఖం. సాయంత్రం ఐదున్నరకి అద్దంలో నాకు కనబడింది ఎదురు మేడ, బైకులు, నేను. బొమ్మలు కాదు. బయట వెలుతురు ఎక్కువ, లోపల తక్కువ ఉంటే ఏ గాజైనా అద్దమైపోతుంది. పైగా నేను పరిచిన ముదురు నీలం గుడ్డ దాన్ని ఇంకా పెంచింది. వెనక ఎంత నల్లగా ఉంటే ముందు ప్రతిబింబం అంత స్పష్టంగా కనబడుతుంది. షోకేసు వెనక గోడకి ఉన్న ట్యూబులైటు కూడా అపకారమే చేస్తోంది. వెలుతురు బొమ్మల వెనక నుంచి వస్తే రోడ్డు మీదవాళ్లకి ముందువైపు నీడగానే కనబడుతుంది.

మొదట లైట్లతో గెలుద్దామనుకుని ఎక్కువ వాట్ల బల్బులు కొన్నాను. ఆ డబ్బు వృథా అయింది. నేరుగా పడే ఎండని ఏ బల్బూ గెలవలేదు. ముందు నీడ కావాలి. మూడడుగులు ముందుకొచ్చే కాన్వాసు పందిరి వేయించాను. అది మడిచేసే రకం కాబట్టి రోడ్డుకి అడ్డం లేదు. నీలం గుడ్డ తీసేసి మీగడ రంగు వేశాను. ట్యూబులైటు పీకేసి, అద్దానికి లోపలివైపు పైఅంచున సన్నటి వెలుగు పడే చిన్న ఎల్‌ఈడీ లైట్లు మూడు పెట్టించి, వాటి ముఖం బొమ్మల వైపు తిప్పాను. లైటు కొనేవాడి కంట్లో పడకూడదు, బొమ్మ ముఖాన పడాలి. సరిపోయిందో లేదో తెలియాలంటే రోడ్డవతల నిలబడి చూడడమే. మన ముఖం కనబడితే ఇంకా పని ఉన్నట్టు.

ఇక ఎత్తు సంగతి. ఇది నాకు చెప్పింది అద్దం మీది మచ్చలే. పొద్దున్నే అద్దం తుడవడం నా అలవాటు. ఒకరోజు రాత్రి కొట్టు కట్టేసేటప్పుడు లైటు ఏటవాలుగా పడి మచ్చలన్నీ కనబడ్డాయి. చిన్న చిన్న అరచేతులు, వాటి మధ్యలో గుండ్రటి మచ్చ, ముక్కు ఆనించిన గుర్తు. టేపు పెట్టి కొలిచాను. దాదాపు అన్నీ రెండు ముప్పావు నుంచి మూడున్నర అడుగుల మధ్యలోనే ఉన్నాయి. నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లల కళ్లు ఉండేది అక్కడే. నా షోకేసులో ఆ ఎత్తున ఏముంది? చెక్క దిమ్మె, దాని మీద కింది మెట్టు, ఆ మెట్టు మీద అట్టపెట్టెల అడుగుభాగాలు. పిల్లల్ని ఆకట్టుకునే కార్లు, రైళ్లు ఐదడుగుల పైన ఉన్నాయి. పిల్లలు వచ్చి ముక్కు ఆనించి మరీ చూశారు. వాళ్లకి చూడ్డానికి అక్కడేమీ లేదు. ఆ రాత్రి నాకు చాలా బాధేసింది.

ఫోన్ మూడడుగుల ఎత్తున పట్టుకుని బయటి నుంచి ఫొటో తీస్తే ఇదంతా ఒక్క నిమిషంలో తెలిసేది. ఇప్పుడు షోకేసు మార్చిన ప్రతిసారీ తీస్తాను.

మెట్లు తీసేశాం. దిమ్మెని అడుగున్నరకి దించి, రెండున్నర అడుగుల ఎత్తున ఒక బల్ల వేశాను. దాని మీద ఒక్కటే దృశ్యం: గుండ్రటి పట్టాల మీద తిరిగే బ్యాటరీ రైలు, పట్టాల మధ్యలో కొండపల్లి తాటిచెట్లు, ఎడ్లబండి, బిందె ఎత్తుకున్న ఆడమనిషి. మొత్తం పన్నెండు బొమ్మలు. నూట పది నుంచి పన్నెండుకి వచ్చేసరికి కొట్టు ఖాళీ అయిపోయినట్టు టెన్షన్ పడ్డాను. కానీ అటుగా వెళ్లేవాడు మన అద్దం దాటడానికి రెండు మూడు క్షణాలే పడుతుంది. ఆ కాస్త సమయంలో వాడి కంటికి ఒక్కటి ఆనితే చాలు. అన్నీ ఉంటే ఒక్కటీ ఆనదు. కదిలే వస్తువైతే పక్కచూపుకి కూడా తగులుతుంది.

రైలు మొదటి వారం ఏడిపించింది. బస్సు వెళ్లినప్పుడల్లా బల్ల అదిరి, పట్టా అతుకు ఊడి, రైలు పక్కకి పడిపోయేది. పడిపోయి చక్రాలు గిర్రున తిరుగుతున్న రైలుని చూసి ఎవరు కొంటారు? బల్ల మీద పలచటి ఫోమ్ షీటు అంటించి, అతుకుల కింద రెండువైపులా అంటుకునే టేపు వేశాక నిలబడింది. మామూలు సెల్స్ పోస్తే ఖర్చు తట్టుకోలేం. ఛార్జింగ్ సెల్స్ రెండు సెట్లు పెట్టుకుని, సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకే తిప్పుతాను.

ఎండ సంగతి కూడా చెప్పాలి. పందిరి ఉన్నా గుంటూరు మే నెలలో మూసి ఉన్న షోకేసు పొయ్యిలా కాగుతుంది. పోయిన వేసవిలో ఒక బొమ్మ కారులో మరిచిపోయిన సెల్స్ కారిపోయి లోపలి స్ప్రింగులు తుప్పు పట్టాయి. ఎర్ర అట్టపెట్టెలు నెలన్నరకే వెలిసిపోయాయి. అప్పట్నుంచి షోకేసులో ఖాళీ పెట్టెలే పెడతాను. పదిహేను రోజులకోసారి అన్నీ మారుస్తాను, వేసవిలో రైలు తీసేసి చెక్క బొమ్మలు, గుడ్డ బొమ్మలతో సరిపెడతాను.

మళ్లీ రెండో శనివారం లెక్క రాయించాను. నెల మొదట్లో జీతాల హడావుడిలోనో, పండగ ముందో లెక్కపెడితే పోలికే ఉండదని అదే వారం, అదే వేళ. ఈసారి 22 మంది లోపలికొచ్చారు. కొన్నది మాత్రం 7 మందే. షోకేసు పని చేస్తోంది, కొట్టు చేయడంలేదు.

ఎందుకో మా ఆవిడ గమనించింది. ఒక తల్లి బాబుని చెయ్యి పట్టుకుని లోపలికొచ్చి నాలుగు వైపులా చూసింది. బాబు "రైలు, రైలు" అంటున్నాడు. రైలు పెట్టెలు వెనక అరలో ఉన్నాయి. నేను వేరే బేరంలో ఉన్నాను. ఆమె "తర్వాత కొందాంలే నాన్నా" అని బాబుని తీసుకెళ్లిపోయింది. షోకేసులో ఉన్నది తలుపు దాటగానే కనబడాలి. రైలు పెట్టెల్ని గుమ్మంలోంచి ఐదడుగుల లోపు పేర్చి, షోకేసులో ఉన్న పసుపు కార్డు లాంటిదే అక్కడా పెట్టాం: "రైలు సెట్టు. 4 ఏళ్ల నుంచి. ₹899." ధర చూస్తే జనం భయపడతారేమో అనుకున్నాను. తీరా చూస్తే, ధర తెలియకపోతే అడగడానికే మొహమాటపడేవాళ్లు ఎక్కువ.

బోర్డుల్లో బాగా పని చేసింది పెద్దవాళ్ల కోసం రాసింది: "పుట్టినరోజుకి వెళ్తున్నారా? ₹300 లోపు బొమ్మలు ఇక్కడ." సాయంత్రం ఏడింటికి పరుగెత్తుకొచ్చేవాళ్లు ఎక్కువమంది వీళ్లే. వాళ్లకి ఏ బొమ్మో తెలియదు, బడ్జెట్ ఒక్కటే తెలుసు. దాని పక్కనే వయసుల వారీగా అరలు. బుల్లి భాగాలున్న వాటి దగ్గర "3 ఏళ్ల లోపు పిల్లలకి వద్దు" అని రాశాం. 2021 జనవరి నుంచి బొమ్మలకి ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి కాబట్టి, ఆ గుర్తు పెట్టె మీద ఎక్కడ చూడాలో కూడా ఒక చిత్రంతో చూపించాం. "తాకరాదు" అన్న బోర్డు తీసేసి, ఒక బల్ల మీద నాలుగు బొమ్మలు విప్పి పెట్టి "ఆడి చూడండి" అని రాశాం.

ఆ పుట్టినరోజు బోర్డు మొదటిసారి పాడైంది. ఫ్లెక్సు కుర్రాడు "లైన్లు దగ్గరగా ఉంటేనే అక్షరం పెద్దగా కనబడుద్దన్నా" అని రెండు లైన్లూ కలిపేశాడు. పై లైనులో "ట్టి" కింద ఉన్న వత్తు, కింది లైను అక్షరాల్లో ఇరుక్కుని దూరానికి ఏదీ అర్థం కాలేదు. పదడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం అని ఒక లెక్క ఉంది. తెలుగులో ఆ అంగుళం అసలు అక్షరానికే ఉండాలి, వత్తునీ గుడినీ కలిపి కొలవకూడదు. వాటి కోసం లైనుకీ లైనుకీ మధ్య ఇంచుమించు ఇంకో అక్షరమంత ఖాళీ వదలాలి. రెండోసారి కాగితం మీద ప్రింటు తీయించి, గోడకి అంటించి, పదడుగుల దూరం నుంచి అమ్మతో చదివించాకే ఫ్లెక్సు వేయించాను. పసుపు మీద నలుపు రంగు. ఎరుపు మీద నీలం ఆమెకి అసలు కనబడలేదు.

మూడో లెక్కలో 24 మంది వచ్చారు, 14 మంది కొన్నారు. ఇదంతా సాయంత్రాల సంగతి. పొద్దున పదకొండు నుంచి నాలుగు దాకా ఆ రోడ్డు మీద పిల్లలే ఉండరు. ఆ వేళకి ఏ షోకేసూ చేయగలిగింది లేదు. ఆ టైములో నేను సరుకు సర్దుకుంటాను.

మొన్న దసరాకి అమ్మ కొట్టుకొచ్చి, పాత మెట్లు మళ్లీ తీయించింది. షోకేసులో కాదు, లోపల వెనక గోడకి. కొండపల్లి దశావతారాలు, ఏనుగు అంబారీ, కింద పల్లెటూరు సెట్టు. అప్పటికే లోపలికొచ్చినవాళ్లు అక్కడ నిలబడి ఒక్కో మెట్టూ పైనుంచి కిందికి చూస్తున్నారు. పక్కన రెండు స్టూళ్లు కూడా వేశాం.