పెళ్ళి తంతును రెండు భాషల్లో రాసిపెట్టిన నా అనుభవం

మా అక్క కూతురి పెళ్ళి పోయిన వారం అమలాపురంలో జరిగింది. పెళ్ళికొడుకు పుణెలో ఉద్యోగం చేస్తాడు. అతనితో పనిచేసేవాళ్ళు కొందరు వస్తున్నారనీ, వాళ్ళలో ఒకరిద్దరు నెదర్లాండ్స్ వాళ్ళనీ తెలిశాక, తంతు అంతా వివరిస్తూ తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఒక కరపత్రం రాసే పని నా మీద పడింది. బడిలో ఇంగ్లీషు చెప్పినదాన్ని కావడమే నా నేరం. తెలుగు కూడా ఎందుకని అక్క అడిగింది. హైదరాబాదులో పెరిగిన మన పిల్లలను పిలిచి సన్నికల్లు ఎందుకు తొక్కిస్తారో అడుగు, అప్పుడు తెలుస్తుందన్నాను. మళ్ళీ అడగలేదు.

మొదటి పని పురోహితుడి దగ్గర కూర్చోవడం. అది సాఫీగా సాగింది. ఆయన ఓపిగ్గా వరుస చెబుతూ, మధ్యలో ఒక మాట అన్నారు. "అమ్మా, కన్యాదానం ముహూర్తానికి ముందే చేయిస్తాను. కానీ ఆ రోజు ఆలస్యమైతే ముందు జీలకర్ర బెల్లం పెట్టించి మిగిలింది తరువాత చేయిస్తాను. ముహూర్తం ఎవరి కోసమూ ఆగదు." అప్పుడే ఒక నిర్ణయానికి వచ్చాను. కరపత్రంలో ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేయకూడదు, గంటలూ నిమిషాలూ రాయకూడదు. వరుస మారితే అతిథి కాగితం చూసుకుంటూ తికమకపడతాడు. కంటికి ఏది కనబడితే ఏది జరుగుతున్నట్టో, చెవికి ఏది వినబడితే ఏం చేయాలో చెబితే చాలు.

కొరుకుడు పడనిది ఆ తరువాతి ఘట్టం. పెళ్ళికొడుకు పెదనాన్నగారు పెద్ద హోదాలో పదవీ విరమణ చేసినాయన. నేను రాసింది చూసి, నలుగురు పెద్దల ముందు, "బాగానే ఉందమ్మా, కాకపోతే బడిపిల్లల వ్యాసంలా ఉంది. మావాళ్ళు చదువుకున్నవాళ్ళు" అంటూ తాను సిద్ధం చేసిన కాగితాలు నా చేతిలో పెట్టారు. ఎనిమిది పేజీల చక్కని ఇంగ్లీషు. ఒక్కటే లోపం, అది మన పెళ్ళి కాదు. వధూవరులు అగ్నిచుట్టూ ఏడుసార్లు తిరుగుతారట, ఒక్కో ప్రదక్షిణకు ఒక్కో ప్రమాణమట, పాపిట సింధూరం దిద్దగానే పెళ్ళి అయినట్టట. ఉత్తరాది పెళ్ళిని ఎక్కడినుంచో తెచ్చి మన పెళ్ళికి అంటించారు. జీలకర్ర బెల్లం అన్న మాటే లేదు!

ఆ కాగితం అచ్చయితే ఏమవుతుందో చెప్పాను. మన సప్తపది ప్రదక్షిణ కాదు. హోమగుండం పక్కన వరుడు వధువుచేత ఏడు అడుగులు వేయిస్తాడు. మొదటి అడుగు అన్నం కోసం, రెండోది బలం కోసం, మూడోది వ్రతం కోసం, నాలుగోది సుఖం కోసం, అయిదోది పశువుల కోసం, ఆరోది ఋతువుల కోసం, ఏడోది యజ్ఞం చేసే హోతల కోసం. ఏడో అడుగు దగ్గర "సఖా సప్తపదా భవ" అంటాడు, ఏడడుగులు కలిసి నడిచాం కనుక ఇక మనం స్నేహితులమని. అగ్నిచుట్టూ తిరగడం ఆ తరువాత లాజహోమంలో వస్తుంది. పెళ్ళికూతురి అన్నో తమ్ముడో ఆమె దోసిట్లో పేలాలు పోస్తాడు, వాటిని అగ్నిలో వేయించి, ప్రదక్షిణ చేయించి, సన్నికల్లు తొక్కిస్తారు. అదీ మూడుసార్లే. ఏడు ప్రదక్షిణలని చదివిన పరదేశి మూడు లెక్కపెట్టి, మిగతా నాలుగూ ఎగ్గొట్టారేమో, ఈ పెళ్ళి చెల్లుతుందో లేదోనని పక్కవాడిని అడుగుతాడు.

ఆయన నవ్వి, "అతిథులకు ఇంత వివరం అక్కర్లేదమ్మా, అందంగా ఉంటే చాలు" అన్నారు. మా అక్క మెల్లగా నా చెయ్యి నొక్కింది. మగపెళ్ళివారు కదా, ఊరుకోమని. ఊరుకున్నాను. తెలిసినదాన్ని తెలియనిదానిలా కూర్చోబెడితే ఎలా ఉంటుందో ఆ సాయంత్రం అనుభవించాను. హోదా పోయినా గొంతు పోనివాళ్ళు ప్రతి పెళ్ళిలోనూ ఒకరుంటారు. వాళ్ళతో వాదించవద్దు. కాగితాన్ని పురోహితుడికి చూపించండి, అంతే. నేనూ అదే చేశాను. మరునాడు పురోహితుడే స్వయంగా పెదనాన్నగారికి ఫోను చేసి, "అయ్యా, మనది ఆపస్తంబ సూత్రం. ఇందులో ఉన్న తంతు నేను చేయించలేను" అన్నారట. ఎనిమిది పేజీలూ మాయమయ్యాయి.

ఆ తరువాత నా కరపత్రంలో ఎక్కువ చోటు జీలకర్ర బెల్లానికే ఇచ్చాను. మంగళసూత్రం కట్టడమే ముహూర్తమని బయటివాళ్ళే కాదు, మనవాళ్ళలోనూ చాలామంది అనుకుంటారు. మన పెళ్ళిళ్ళలో సుముహూర్తం జీలకర్ర బెల్లానిదే. తెలుగు భాగంలో ఇలా రాశాను: "వధూవరుల మధ్య ఒక తెర పట్టుకుని ఉంటారు. దూరంనుంచి వారి చేతులు కనబడవు, తొందరపడవద్దు. జీలకర్ర, బెల్లం కలిపి నూరిన ముద్దను తమలపాకులో ఉంచి ఒకరి తలపై ఒకరు పెడతారు. ఆ క్షణాన సన్నాయి, డోలు ఒక్కసారిగా హోరెత్తుతాయి. అదే గట్టిమేళం. అప్పుడు మీ చేతిలోని అక్షతలు వేయండి. తెర దించాక వాళ్ళు మొదటిసారి ఒకరినొకరు చూసుకుంటారు." ఇంగ్లీషులో ఇదే విషయం ఇంకా పొట్టిగా, అక్షతలంటే పసుపు కలిపిన బియ్యమని చెప్పి రాశాను.

గట్టిమేళం ఒక్కసారే మోగదు, మంగళసూత్రధారణకూ మోగుతుంది. రెండింటికీ తేడా ఎలా తెలియాలి? దానికి పళ్ళెం గుర్తు. కట్టే ముందు సూత్రాలున్న పళ్ళేన్ని అతిథుల మధ్య తిప్పుతారు. పసుపుతాడుకు రెండు సూత్రాలు, ఒకటి పుట్టింటివారిది, ఒకటి అత్తింటివారిది. "కళ్ళకద్దుకుని తిరిగి ఇచ్చేయండి, పళ్ళెంలో డబ్బు వేయకండి" అని రెండు భాషల్లోనూ ముద్ద అక్షరాల్లో వేయించాను. మా మరిది పెళ్ళిలో ఒక పెద్దమనిషి అందులో అయిదు వందల నోటు వేశాడు. పసుపు అంటిన ఆ నోటును ఎవరు తీయాలో తెలియక పళ్ళెం సగం వరుసల దగ్గరే ఆగిపోయింది.

చివర్లో ఒక చిన్న పెట్టె కట్టి, "ఇంతకూ పెళ్ళి ఎప్పుడు అయినట్టు?" అన్న ప్రశ్న వేశాను. ముహూర్తం జీలకర్ర బెల్లానిది, లోకం కళ్ళకు మూడు ముళ్ళది, చట్టానికి సప్తపదిది. 1955 నాటి హిందూ వివాహ చట్టం ఏడో సెక్షను ప్రకారం, ఆచారంలో సప్తపది ఉన్నచోట ఏడో అడుగుతో వివాహం పూర్తవుతుంది. ఆచారంలో లేని కుటుంబాలకు వాళ్ళ పద్ధతే చాలు. కాబట్టి ఇది చదివి మీ కరపత్రంలో నా వాక్యాలు దించుకునేముందు మీ ఇంటి పద్ధతి ఏమిటో మీ పురోహితుడిని అడగండి.

అచ్చు దగ్గర ఒక్కటే చిక్కు. నేను ఫోనులో కొట్టిన తెలుగు యూనికోడ్, ప్రెస్సువాళ్ళు వాడేది యూనికోడ్ కాని అను ఫాంట్లు. వాళ్ళ కంప్యూటర్‌లో నా అక్షరాలు డబ్బాలుగా తేలాయి. మళ్ళీ మొత్తం టైపు చేయించి, "తలంబ్రాలు" ఒత్తు సహా ప్రతి మాటా నేనే దిద్దాను. ఒక ఏ4 కాగితం, మధ్యకు మడిస్తే నాలుగు పేజీలు. అంతకు మించితే ఎవరూ చదవరు, విసురుకుంటారు.

ముహూర్తం తెల్లవారుజామున. వచ్చిన పుణె పిల్లలు నిద్రమొహాలతోనే ఓపిగ్గా ఆగి, గట్టిమేళం వినగానే అక్షతలు వేశారు. వేదిక పక్కనున్న మనవాళ్ళు కొందరు అంతకు ముందే వేసేసి ఫొటోగ్రాఫరుతో తిట్లు తిన్నారు. పెదనాన్నగారు మొదటి వరుసలో నా కరపత్రం పట్టుకుని నెదర్లాండ్స్ అతిథికి సప్తపది గురించి వివరిస్తున్నారు, తానే రాసినట్టు. అడుగుల వరుస మాత్రం తప్పకుండా చెప్పారు. పురోహితుడు ఆ ఫైలు తనకూ పంపమన్నారు, రాబోయే పెళ్ళిళ్ళలో పంచుతారట. కింద నా పేరు వేస్తేనే ఇస్తానన్నాను.